ట్రంకు కాలు కోసం కూర్చున్న పూట

నా ఉద్యోగం పోయిందన్న కబురు వచ్చినప్పుడు పదో తరగతికి త్రికోణమితి చెబుతున్నాను. ఎనభై మూడులో ప్రభుత్వం రిటైర్మెంటు వయసును ఒక్కసారిగా యాభై అయిదుకు దించేసింది. నాకు అప్పటికే యాభై ఏడు. ఇంకో ఏడాది సర్వీసు మిగిలి ఉందని లెక్కలేసుకుంటున్న లెక్కల టీచరుని. హెడ్మిస్ట్రెస్ గారు బంట్రోతు చేత పిలిపించి, కాగితం నా ముందు పెట్టి, తల వంచుకుని కూర్చున్నారు. నేను చదివి, సంతకం పెట్టి, క్లాసుకి తిరిగి వెళ్ళి, బోర్డు మీద సగంలో ఆపిన లెక్క పూర్తి చేశాను. పిల్లలకి ఏమీ తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఏమీ తెలియలేదు.

అది నా గొప్ప కాదు. నా జబ్బు. దెబ్బ తగిలినప్పుడు ఏడవడం, అరవడం నాకు రావు. మొద్దుబారిపోతాను. చెప్పిన చోట కూర్చుంటాను, చూపించిన చోట సంతకం పెడతాను. చూసిన వాళ్ళు "ఆవిడకి ఎంత నిబ్బరమండీ" అంటారు. నిబ్బరమూ కాదు, మట్టిగడ్డా కాదు. లోపల ఎవరూ లేకపోవడం అది.

పెళ్ళయిన నాలుగేళ్ళకి మావారు టైఫాయిడుతో పోయారు. పిల్లలు లేరు. తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉండి ట్రైనింగు చదివాను, ఉద్యోగం వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఆ గదిలోనే ఉన్నాను. తమ్ముడు మంచివాడు. మరదలు కూడా చెడ్డది కాదు. కాని ఆ ఇంట్లో నేను కాఫీ తాగాలంటే వంటింట్లో ఎవరైనా ఉన్నారేమో చూసుకుని వెళ్ళాలి. నలభై దాటాక అమలాపురంలో అద్దెకి ఒక వాటా తీసుకున్నప్పుడు మొదటి రోజు నాలుగుసార్లు కాఫీ పెట్టుకున్నాను. మూడోది తాగలేక పారబోశాను గాని, నాలుగోది మళ్ళీ పెట్టాను.

అద్దె వాటా అద్దె వాటాయే. మూడుసార్లు ఇల్లు మారాను. ఒక్క గదీ వంటిల్లూ అయినా సరే, ఎవరూ ఖాళీ చెయ్యమనని ఇల్లు ఒకటి కట్టుకోవాలని నా కోరిక. నాకు అంతకు మించిన కోరికేదీ ఉన్నట్టు గుర్తు లేదు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో స్థలం వస్తుంది, ఇల్లు రాదు. పెన్షను తిండికి సరిపోతుంది. ఆ డబ్బు కొన్నేళ్ళు ఎక్కడైనా పెరిగితే తప్ప ఇల్లు లేదు.

షేర్ల సంగతి చెప్పింది మా ఊరి ఏజెంటు. గడియార స్తంభానికి దగ్గర్లో మేడ మీద ఒక గది ఆయన ఆఫీసు. మొదట్లో పోస్టాఫీసు పొదుపు పత్రాలు, బీమా చూసేవాడు. తర్వాత కొత్త కంపెనీల షేర్ల ఫారాలు తెప్పించి పంచడం, హైదరాబాదులో ఒక బ్రోకరు దగ్గర మా తరఫున కొనడం, అమ్మడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మాయికి నేను లెక్కలు చెప్పాను. ఆ పిల్ల లెక్కల్లో గట్టెక్కింది కనక తండ్రికి నేనంటే భక్తి. నేను మెట్లెక్కగానే కుర్చీ తుడిచేవాడు.

ఆ గది మాలాంటి రిటైరైన వాళ్ళతో నిండి ఉండేది. మధ్యాహ్నం బస్సులో హైదరాబాదు ఇంగ్లీషు పేపరు వచ్చేది. అందులో నిన్నటి ధరలుండేవి. అంటే మేము ఎప్పుడూ ఒక రోజు వెనకే. అయినా ఆ పేపరు కోసం మగవాళ్ళు పెళ్ళిలో మొదటి పంక్తి కోసం ఎగబడ్డట్టు ఎగబడేవారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే కనక నా వంతు చివర వచ్చేది. అప్పటికి పేపరు నలిగి, ధరల పేజీ మీద నశ్యం మరకలు పడి ఉండేవి.

ఏడాది వ్యవధిలో మూడు కంపెనీలవి కొన్నాను. ఒకటి సబ్బుల కంపెనీ. మా అమ్మ కాలం నుంచీ ఇంట్లో వాడే సబ్బు అది. రెండోది బ్యాటరీలు చేసే కంపెనీ. మూడోది కొత్తగా పెట్టిన లీజింగు కంపెనీ. యంత్రాలు కొని, వాటిని ఫ్యాక్టరీలకి అద్దెకిస్తుందట. దాన్ని కొనడానికి కారణం ఒక్కటే, మా గదిలో అందరూ కొన్నారు. మా స్కూల్లోనే పనిచేసి రిటైరైన డ్రిల్లు మాస్టారు "మీరొక్కరే మిగిలిపోతారండీ" అన్నారు. లెక్కల టీచరు డ్రిల్లు మాస్టారి మాట విని కొన్నది, ఏం చెప్పమంటారు!

ఎనభై అయిదులో బడ్జెట్టు వచ్చాక ధరలు లేచాయి. ఆ ఏడాది మా గదిలో అందరూ తెలివైనవాళ్ళే. డ్రిల్లు మాస్టారు జేబులో చిన్న పెన్సిలు పెట్టుకుని, ఎవరు కనబడినా వాళ్ళ లాభం లెక్కకట్టి చెప్పేవారు. నా డబ్బు రెట్టింపుకి దగ్గరగా వచ్చింది. తమ్ముడు నాలుగిళ్ళ వాళ్ళతో "మా అక్కయ్యకి చాలా తెలుసు" అన్నాడట. నేనూ లోలోపల ఇంటికి కిటికీలు పెట్టేసుకున్నాను. తూర్పున ఒకటి, వంటింట్లో ఒకటి.

ఎనభై ఆరు సగం నుంచి ధరలు దిగడం మొదలైంది. దబ్బున కూలిపోయి ఉంటే ఒక్క ఏడుపుతో పోయేది. ఇది అలా కాదు. నాలుగు రోజులు దిగి, ఒక రోజు లేచి, అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ ఆరు రోజులు దిగేది. ఎనభై ఏడు వేసవికి నేను కొన్నవాటి విలువ పెరిగిన దాన్నంతా పోగొట్టుకుని, పెట్టిన దానిలో కూడా బాగా తరిగిపోయింది. గదిలో మాటలు తగ్గాయి. పేపరు వస్తే ఎవరూ లేచేవారు కాదు. ఇప్పుడు నాకు పేపరు మొదటే దొరికేది.

నాకు భయం వేసిందా అని అడిగితే, లేదు. ఏమీ వేయలేదు. అన్నం తినేదాన్ని, పేపరు చూసేదాన్ని, నిద్రపోయేదాన్ని. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి మొత్తం పోయేదాకా పక్కనే నిలబడి చూశాను. అప్పుడు తెలిసింది, నాకు మళ్ళీ ఆ జబ్బు వచ్చిందని.

ఆ వారమే తమ్ముడు వచ్చాడు. ఎండలో వచ్చి, మంచినీళ్ళు తాగి, గోడకి జారబడి కూర్చున్నాడు.

"అక్కయ్యా, ఇంకా ఎంతకాలం చూస్తావే? మొత్తం పోయేదాకానా? ఉన్నంతకి అమ్మేసెయ్. ఆ డబ్బు మన బియ్యం మిల్లులో పెడదాం, నెలనెలా వడ్డీ ఇస్తాను. నువ్వూ మా ఇంటికి వచ్చేసెయ్. వెనక గది ఖాళీగానే ఉంది. సున్నం కూడా వేయించేను."

ప్రేమతోనే అన్నాడు. వెనక గది అనగానే ఆ గది వాసన కూడా గుర్తొచ్చింది. పక్కనే ఎండుమిరపకాయల బస్తాలు ఉండేవి. రాత్రుళ్ళు తుమ్ములొచ్చేవి. తుమ్మితే పిల్లలు లేస్తారని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అయినా నేను తమ్ముడితో "ఆయ్, అలాగే" అన్నాను. రేపే వెళ్ళి అమ్మేస్తానన్నాను. అనేటప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే షేర్ల కాగితాలున్న గుడ్డసంచీ పట్టుకుని ఏజెంటు మేడ ఎక్కాను. నాకంటే ముందే డ్రిల్లు మాస్టారు వచ్చి కూర్చుని ఉన్నారు. ఆయన కూడా అమ్మడానికే వచ్చారు.

"రండి టీచరుగారండీ, కూర్చోండి," అని ఏజెంటు కుర్చీ తుడిచాడు. "హైదరాబాదుకి ట్రంకు కాలు బుక్ చేసేనండి. లైన్లు దొరకట్లేదు. అన్ని ఊళ్ళవాళ్ళూ ఇదే పని మీదున్నారు మరి. ఎప్పుడొస్తుందో చెప్పలేనండి. ఈలోగా మీ కాగితాలు సిద్ధం చేసేద్దాం."

షేర్లు అమ్మాలంటే అప్పట్లో బదిలీ పత్రం అని ఒకటి ఉండేది. ట్రాన్స్‌ఫర్ డీడు అనేవారు. ఒక్కో కంపెనీకి ఒక్కో డీడు. అమ్మేవాళ్ళు దాని మీద కంపెనీ దగ్గరున్న సంతకంతో సరిపోయేలా సంతకం చెయ్యాలి, సాక్షి సంతకం ఉండాలి. కొనేవాళ్ళ పేరు ఖాళీగా వదిలేసి, షేరు సర్టిఫికెట్లతో కలిపి రిజిస్టరు పోస్టులో బ్రోకరుకి పంపాలి. ముందు ఫోనులో అమ్మకం ఖాయం చేసుకోవాలి. ఫోనులో ఒకసారి అమ్మమన్నామంటే ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఏజెంటు మూడు డీడులు తీసి, నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు పెట్టాడు. డీడులు నా వైపు తిప్పి, ఆ గుర్తు మీద వేలు ఆనించి, "ఇక్కడండి," అన్నాడు. నేను పెట్టాను. "ఇక్కడండి." పెట్టాను. మూడూ అయిపోయాయి. డ్రిల్లు మాస్టారు సాక్షి సంతకాలు పెట్టారు. ఆయన డీడుల మీద నేను పెట్టాను. అంతా పెళ్ళిళ్ళలో తాంబూలాలు మార్చుకున్నంత మర్యాదగా జరిగింది.

ఇక ఫోను మోగడమే తరువాయి. మేం కూర్చున్నాం. కింద సోడా కొట్టువాడు సీసాలు కడుగుతున్నాడు. ఫోను నల్లగా బల్ల మీద పడి ఉంది. నేను బల్ల మీదున్న నా సంతకాన్ని చూస్తున్నాను. సంతకం పక్కన పెన్సిలు గుర్తు అలాగే ఉంది. ఆ ఇంటూ గుర్తుని ఇంతకు ముందెక్కడో చూశానని అనిపించింది. లెక్కల టీచరుకి ఇంటూ గుర్తు కొత్తేమిటని నన్ను నేనే విసుక్కున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది.

మావారు పోయిన రెండేళ్ళకి పెద్ద గాలివాన వచ్చింది. ముక్తేశ్వరంలో మా అత్తవారి కొబ్బరితోట సగం నేల మీద పడింది. నిలబడిన చెట్లకి కూడా మట్టలు విరిగి, కాయలు రాలిపోయి, తలలు చెదిరిపోయి ఉన్నాయి. అందరూ అమ్ముతున్నారు, ఇంకో నెలాగితే ఈ ధర కూడా రాదని మా పెద్ద బావగారు తొందరపడ్డారు. మావారి వాటా ఉంది కనక నా సంతకం కూడా కావలసి వచ్చింది. దస్తావేజు రాసేవాడు పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, వేలు ఆనించి చూపించాడు. పెట్టాను.

సంతకానికి ముందు రోజు మా అత్తగారు నన్ను తోటలోకి తీసుకెళ్ళారు. కొడుకు పోయాక ఆవిడ మాట్లాడటమే తగ్గించేశారు. ఆ వేళ మాత్రం ఒక్కో చెట్టు కింద ఆగి, తలెత్తి చూస్తూ నడిచారు.

"ఇది పోయింది. దీని మొవ్వు విరిగిపోయింది," అన్నారు ఒక చెట్టు దగ్గర. మొవ్వు అంటే చెట్టు నడినెత్తిన కొత్త ఆకు పుట్టే చోటు. ఇంకో చెట్టు చూపించి, "దీనికేం కాలేదమ్మా. మట్టలు పోతే వస్తాయి, కాయలు పోతే వస్తాయి. మొవ్వు బాగుంటే చెట్టు చావదు. రెండేళ్ళో మూడేళ్ళో ఓపిక పట్టాలి. వీళ్ళు మొవ్వు చూడరు, కింద పడ్డ కాయలు చూస్తారు," అన్నారు. ఆ మాట బావగారితో చెప్పండి అత్తయ్యగారూ అన్నాను. "నన్నెవరడిగేరే," అన్నారు.

నన్ను అడిగారు. సంతకం అడిగారు. ఆవిడ మాట అక్కడ నేను చెప్పలేదు. నాకేమీ అనిపించలేదు మరి.

తర్వాత ఎన్నోసార్లు గోదావరి దాటే కోటిపల్లి పంటు ఎక్కడానికి ముక్తేశ్వరం మీదుగా వెళ్ళాను. బస్సులోంచి ఆ తోట కనబడేది. మూడో ఏటికి నిలిచిన చెట్లన్నీ గెలలేశాయి. కొన్నవాడు పడిన చెట్ల చోట కొత్త మొక్కలు పెట్టాడు, కొన్నేళ్ళకి అవీ కాపుకొచ్చాయి. ఆ తోట ఉంటే నాకు వెనక గది లేదు, మిరపకాయల బస్తాలు లేవు. ఈ మాట అంతకు ముందెప్పుడూ ఇంత సూటిగా అనుకోలేదు. అనుకోకుండా ఉండటానికి తోట కనబడని వైపు సీటులో కూర్చునేదాన్ని.

ఏజెంటు మేడ మీద, నా సంతకం పక్కనున్న ఆ గుర్తుని చూస్తూ, అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, నా మీదే. గాభరా అంటే గుండెలు బాదుకోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. గుండె ఉందో లేదో తెలియకుండా చూపించిన చోట సంతకం పెట్టడం కూడా గాభరాయే. అదింకా చెడ్డది, ఎందుకంటే పక్కవాళ్ళు మెచ్చుకుంటారు.

"ఏవండీ," అన్నాను ఏజెంటుతో. "ఈ సబ్బుల కంపెనీ వాళ్ళ సబ్బులు అమ్ముడుపోవట్లేదా?"

ఆయన వింతగా చూశాడు. "అదేంటండి, కింద కొట్లో అడగండి, సరుకు దొరకట్లేదంటాడు."

"మరి ఏమైందని అమ్ముతున్నాం?"

"ధర పడిపోతోంది కదండీ."

"ధర తప్ప ఇంకేమైనా పడిందా?"

నా గుడ్డసంచీలో కంపెనీలు ఏడాదికోసారి పోస్టులో పంపే పుస్తకాలున్నాయి. మొదటి పేజీలో ఛైర్మను ఫోటో చూసి మూసెయ్యడమే తప్ప లోపలికి వెళ్ళలేదు. చదువుకున్నదాన్ని, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఆ పుస్తకం వెనక పేజీల్లో లెక్కలున్నాయని తెలిసి కూడా తెరవలేదు. ఇంకొకళ్ళు చెప్పిన ధర మాత్రం రోజూ చూశాను.

తెరిచాను. సబ్బుల కంపెనీ అమ్మకాలు ముందటి ఏడాది కంటే పెరిగాయి. లాభం కాస్త పెరిగింది. అప్పు పెద్దగా లేదు. డివిడెండు తగ్గించలేదు. ఆ చెక్కు మొన్ననే వచ్చింది, నేనే బ్యాంకులో వేశాను. బ్యాటరీల కంపెనీ లాభం తగ్గింది గాని నష్టం లేదు. దానికి కారణం కూడా రాశారు, ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు సమ్మె. సమ్మె అయిపోయింది. మొవ్వు ఉంది, మట్టలు విరిగాయి.

లీజింగు కంపెనీ పుస్తకం పల్చగా, నిగనిగలాడుతూ ఉంది. మా దగ్గర వసూలు చేసిన డబ్బులో కొంత ఆఫీసు సామానుకీ, కార్లకీ, ప్రకటనలకీ వెళ్ళింది. మిగిలింది ఏవేవో కంపెనీలకి అప్పుగా ఇచ్చారు. ఆ కంపెనీల్లో డైరెక్టర్లు మళ్ళీ వీళ్ళే. యంత్రాలు అద్దెకిచ్చి సంపాదించింది వెతికితే దొరకలేదు. దీనికి మొదట్నుంచీ మొవ్వే లేదు. మేం కొన్నది చెట్టు కాదు, గుంజ.

అప్పుడే ఫోను మోగింది. ఏజెంటు ఎగిరి అందుకుని, "హలో! హైదరాబాదా? హలో!" అని గడియార స్తంభం అదిరేలా అరిచాడు. మూడు నిమిషాల కాలు. డ్రిల్లు మాస్టారివి ముందు చెప్పాడు, ధర విన్నాడు, ఆయన వైపు చూశాడు. ఆయన తలాడించారు. అమ్మేశారు. ఏజెంటు చేత్తో ఫోను మూసి నా వైపు తిరిగాడు.

"టీచరుగారండీ, మీవి?"

అప్పటిదాకా లేని భయం మొత్తం ఒక్కసారి వచ్చి మీద పడింది. ఇల్లు, తమ్ముడు, ముసలితనం, అన్నీ. అమ్మేస్తే ఈ భయం ఇప్పుడే పోతుంది. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు.

"సబ్బులవి వద్దు. బ్యాటరీలవి వద్దు. లీజింగువి మాత్రం ఎంతకైనా సరే తీసెయ్యమనండి."

ఆయన ఫోనులో చెప్పాడు. అవతలి మాట విని, "లీజింగుకి కొనేవాళ్ళే లేరటండి," అన్నాడు. అంతలో లైను పోయింది.

డ్రిల్లు మాస్టారు తన డీడులు సర్దుకుంటూ నావైపు చూశారు. "మీకు ధైర్యమెక్కువండీ," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. వాళ్ళావిడకి కాకినాడలో ఆపరేషను చేయించాలట. ఈ నెలలోనే. "ఆ డబ్బు ఇందులో పెట్టకుండా ఉండాల్సిందండి. మొన్నటిదాకా పెరుగుతోంది కదా అనుకున్నాను." ఆయనది భయం కాదు, అవసరం. అవసరానికి అమ్మేవాణ్ణి ఆగమనడానికి ఎవరికీ నోరు రాకూడదు. నాకు పెన్షను ఉంది, కొన్ని నెలల ఖర్చు పోస్టాఫీసులో ఉంది. అందుకే ఆగగలిగాను. అందులో ధైర్యం పాలు చాలా తక్కువ.

"సంతకం పెట్టిన డీడులు అలా ఉంచకూడదండి," అన్నాడు ఏజెంటు. "సర్టిఫికెట్లతో కలిపి ఎవడి చేతిలో పడినా వాడి పేరు రాసుకుంటాడు." మూడూ తీసుకుని నిలువుగా చింపాను. పెన్సిలు గుర్తులు ఉన్న ముక్కల్ని మళ్ళీ చింపాను.

"ఈ వేళ అమ్మి ఉంటే నాకు కమీషను వచ్చేదండి," అని నవ్వాడాయన. "అయినా మా అమ్మాయిని పాసు చేయించేరు కదా, చెల్లుకి చెల్లు."

మర్నాటి నుంచీ ధరలు లేచాయని రాస్తే బాగుంటుంది. లేవలేదు. ఆ నెలలోనే ఇంకా పడ్డాయి. తమ్ముడికి విషయం తెలిసి ఒక పండగకి కూడా పిలవలేదు. "చదువుకున్నవాళ్ళకి చెప్పలేం," అన్నాడట. ఆ దసరాకి నా వాటాలో నేనొక్కదాన్నే పులిహోర కలుపుకుని తిన్నాను. అందులో ఉప్పు వెయ్యడం మరచిపోయాను. తినడం అయ్యేదాకా ఆ సంగతి తెలియలేదు.

నా మొద్దుతనం పోలేదు మరి. కాని దానికి ఒక పని అప్పజెప్పాను. రోజూ మేడ ఎక్కడం మానేశాను. ధరల పేజీ చూడటం మానేశాను. ఏడాదికోసారి పుస్తకాలు వస్తే మాత్రం పెన్సిలు తీసుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు వెనక పేజీలన్నీ చదివేదాన్ని. మొవ్వు బాగుంటే మూసి పెట్టెలో పెట్టేదాన్ని. రోజూ చూసి భయపడటానికి బదులు ఏడాదికోసారి చూసి ఆలోచించడం. ఇంతకంటే గొప్ప కిటుకు నాకు తెలియదు. లీజింగు కంపెనీకి రాసిన ఉత్తరం మాత్రం, ఆ చిరునామాలో ఎవరూ లేరన్న ముద్రతో తిరిగొచ్చింది. ఆ సర్టిఫికెట్లు ఇప్పటికీ ఉన్నాయి. కాగితం చాలా మంచిది.

ఎనభై ఎనిమిదిలో గాలి మళ్ళింది. ఒకరోజు బజారులో ఏజెంటు ఎదురుపడి, "చూసేరాండీ టీచరుగారూ?" అన్నాడు. చూడలేదన్నాను. తర్వాతి ఏటికి సబ్బుల కంపెనీ డబ్బు కట్టక్కర్లేని బోనసు షేర్లు ఇచ్చింది. బ్యాటరీలవి నేను కొన్న ధర దాటాయి. స్థలం బేరం కుదిరాక, దానికీ ఇల్లు కట్టుకోవడానికీ అవసరమైనంత మాత్రమే అమ్మాను. రేపు పడిపోతాయన్న తొందరతో కాదు, ఇంకా పెరుగుతాయన్న ఆశతో ఆగనూ లేదు. మళ్ళీ ఆ మేడ మీదే, ఆ ట్రంకు కాలే. ఈసారి ఎదురుచూస్తూ సోడా తాగాను.

స్థలం రాయించుకునే రోజు రిజిస్ట్రారాఫీసుకి తమ్ముడు వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. అరుగు మీద దస్తావేజు రాసేవాడు కాగితాలు నా ముందు పెట్టి, అలవాటుగా పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. చివరి దాని మీద వేలు ఆనించి, "ఇక్కడ పెట్టండమ్మా," అన్నాడు.

"ముందు చదువుతాను," అన్నాను.

"అంతా సరిగ్గానే ఉందండమ్మా. టైమైపోతోంది."

"చదవనియ్యవయ్యా, ఆవిడ లెక్కల టీచరు," అన్నాడు తమ్ముడు.

చదివాను. హద్దులు చదివాను, కొలతలు చదివాను. నా పేరు తర్వాత భర్త పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలాడు. "భర్తగారి పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను," అన్నాడు.

ఆయన పేరు కాగితాల మీద చాలాసార్లు రాశాను. నోటితో ఎప్పుడూ చెప్పలేదు. బతికున్నప్పుడు చెప్పకూడదు. పోయాక అడిగినవాళ్ళు లేరు. నోరు తెరిచి చెప్పాను. నాకే వినబడలేదనిపించి ఇంకోసారి చెప్పాను. అప్పుడు, ఆ అరుగు మీద, అంతమంది ముందు, ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం రావలసిన ఏడుపు వచ్చింది. తమ్ముడు కంగారుపడి మంచినీళ్ళ కోసం పరిగెత్తాడు.

దస్తావేజు రాసేవాడు వేలు తీసేసి, ఖాళీలో ఆ పేరు రాసి, కలం నా చేతికిచ్చాడు. నేను కళ్ళు తుడుచుకుని, మిగిలిన పేజీ పూర్తిగా చదివి, సంతకం పెట్టాను.